కుటుంబ పెద్ద వేలిముద్ర

మా నెట్ సెంటరుకు వచ్చేవాళ్ళు స్క్రీను వైపు చూడరు. నా మొహం వైపు చూస్తారు. పని అవుతుందో లేదో అక్కడే తెలిసిపోతుందని వాళ్ళ నమ్మకం. నేను కాస్త మొహం చిట్లిస్తే చాలు, వాళ్ళ ప్రాణం ఉసూరుమంటుంది. సర్వరు ఆలస్యమైనా నన్నే తిడతారు, ఓటీపీ రాకపోయినా నన్నే తిడతారు. నేనూ ఊరుకోను, తిరిగి తిడతాను. నకరికల్లులో ఎరువుల కొట్టుకూ టీ బంకుకూ మధ్య పద్నాలుగేళ్ళుగా ఇదే నా బతుకు. ప్రేమకుమారి సెంటరు అంటే ఎవరైనా చూపిస్తారు.

ఈ పద్నాలుగేళ్ళలో ఎన్ని వేల మంది తరఫున 'నేను అంగీకరిస్తున్నాను' అన్నచోట టిక్కు పెట్టానో లెక్క లేదు. ఒక్కరినీ అడగలేదు. అడిగితే ఏమంటారు? 'అంటే ఏందక్కా' అంటారు. చెప్పడానికి అరగంట పడుతుంది, వెనక పదిమంది నిలబడి ఉంటారు. అందుకని ఓటీపీ చెప్పించుకుంటాను, టిక్కు పెడతాను, కాగితం చేతిలో పెట్టి పంపిస్తాను. ఇది మంచి అలవాటని నేననను. కానీ ఒక్కసారి ఆ అలవాటు తప్పి, ఒక మనిషిని నోరు తెరిచి అడిగాను. అడగకుండా ఉంటే ఫాయిజాకు ఆయా ఉద్యోగం వచ్చేదేమో.

ఫాయిజాది మా వీధే. మా చెల్లెలితో కలిసి పదో తరగతి చదివింది. ఈపూరు సంబంధం చేశారు. మొగుడు మౌలాలీ లారీ మీద పోయేవాడు, ఆ లారీ మీదే పోయాడు. ఏడాది తిరగకముందే అత్తగారింట్లో వాళ్ళకు ఆ గది అవసరమొచ్చింది. కూతురు జాస్మిన్‌ను వెంటబెట్టుకుని అమ్మ దగ్గరకు వచ్చేసింది. అది జరిగి రెండేళ్ళు. తమ్ముడు వసీం, వాడి పెళ్ళాం ఆసియా లోపలి గదిలో ఉంటారు. అమ్మ మెహ్జబీన్, ఫాయిజా, జాస్మిన్ ముందరి గదిలో పడుకుంటారు. ఫాయిజా పొద్దున్నే మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతుంది. సాయంత్రం ఆమె పక్కన నిలబడితే నాకు తుమ్ములు వస్తాయి. ఆ చేతులతో కూతురి కళ్ళు తుడవడానికి కూడా లేదు.

ఒకరోజు పనిలోంచి నేరుగా సెంటరుకు వచ్చింది.

"అక్కా, మన వీధి అంగన్‌వాడీలో ఆయమ్మ నెలరోజుల్లో దిగిపోతందంట. ఆ పోస్టుకు పేపరు పడద్దంట గదా?"

"పడద్ది. నీకు చదువుంది. పెళ్ళైనోళ్ళకే ఇస్తారు, అదీ ఉంది. ముప్పై అయిదు దాటకూడదు."

"ఈ ఏడాదికి దాటవు. వచ్చే ఏడాదికి దాటిపోతయ్యి." ఆమె గొంతు తగ్గించింది. "ఊరామె అయ్యుండాలంట గదా. నా ఆధార్‌లో ఇంకా ఈపూరే ఉంది."

అదీ సంగతి. అంగన్‌వాడీ పోస్టుకు ఆ ఊరి మనిషే అయి ఉండాలి. నివాసం సర్టిఫికెట్టు కోసం సచివాలయానికి పోతే అక్కడ కంప్యూటర్లో ఆమె ఇంకా ఈపూరు ఇంట్లోనే ఉంది. ముందు ఆధార్ మార్పించుకురమ్మన్నారు. వాళ్ళనూ అనడానికి లేదు, కాగితం లేకుండా వాళ్ళేం రాస్తారు? ఇక ఇంటి కాగితాలంటారా, కరెంటు బిల్లు పోయిన నాన్న పేరు మీద ఉంది. ఇంటి పన్ను రసీదు అమ్మ పేరు మీద ఉంది. ఫాయిజా పేరు మీద ఆ ఇంట్లో ఒక గిన్నె కూడా లేదు.

"దానికీ దారుంది," అన్నాను. నాకు తెలిసిన విషయం చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వం వస్తుంది, దాచుకోను. "నీ పేరున కాగితం లేకపోతే, ఈ ఇంటి అడ్రసు ఆధార్‌లో ఉన్న మీవాళ్ళు ఒకళ్ళు నీకోసం నిలబడాలి. కుటుంబ పెద్ద అంటారు. మీ అమ్మ నిలబడుద్ది. ఆమె అడ్రసే నీకు వస్తుంది. ఇక్కడే ఆన్‌లైన్‌లో అయిపోద్ది, నరసరావుపేట పోయే పని లేదు."

ఇంకో దారి కూడా ఉంది. ఒక ఫారం మీద గెజిటెడ్ ఆఫీసరుతో సంతకం పెట్టించుకుని ఆధార్ సెంటరుకు పోవచ్చు. దానికి తిరగాలి, బతిమాలాలి, కూలి పోగొట్టుకోవాలి. నేను ఆ దారి చెప్పలేదు. సొంత తల్లి ఇంట్లో ఉండగా ముక్కూమొహం తెలియని ఆఫీసరు కాళ్ళు పట్టుకోవడం ఎందుకనుకున్నాను.

మర్నాడు మెహ్జబీన్ పిన్నిని తీసుకొచ్చింది. చిన్నప్పుడు రంజానుకు మా ఇంటికి సేమియా గిన్నె పంపించిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఒక్క మెట్టు ఎక్కడానికి నా చెయ్యి పట్టుకుంది. వీళ్ళు తల్లీకూతుళ్ళని చూపే కాగితం కావాలి. ఫాయిజా పదో తరగతి మార్కుల లిస్టులో నాన్న పేరే ఉంది, అమ్మ పేరు లేదు. పాత రేషన్ కార్డు ఎప్పుడో పోయింది. అలాంటప్పుడు కుటుంబ పెద్దే రాసిస్తే సరిపోతుంది, దానికొక నమూనా ఉంది. ప్రింటు తీసి చదివి వినిపించాను. ఈమె నా కూతురు, నాతో ఈ ఇంట్లోనే ఉంటోంది, నా అడ్రసు ఈమెకు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు అని దాని అర్థం.

"అభ్యంతరం ఏందే, కన్న కూతురు," అంది పిన్ని. స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్ది, గట్టిగా నొక్కి వేలిముద్ర వేసింది. వేలు తీశాక ఆ ముద్రను తనే కాసేపు చూసుకుంది. ఫాయిజా తన చున్నీ కొసతో ఆమె వేలు తుడిచింది.

ఫాయిజా ఆధార్ నంబరు కొట్టాను. ఓటీపీ ఆమె ఫోనుకే వచ్చింది. అది మౌలాలీ సిమ్ము. మనిషి పోయినా ఆ నంబరును పోనివ్వలేదు, పస్తున్నా రీచార్జి వేయించుకుంటుంది. పిన్ని ఆధార్ నంబరు ఎక్కించి, వేలిముద్ర వేసిన కాగితం స్కాన్ చేసి పెట్టి, ఫీజు కట్టాను. రసీదు వచ్చింది.

"అయిపోయిందా అక్కా?"

"సగం అయింది. ఇప్పుడు మీ అమ్మ నంబరుకు మెసేజ్ వస్తది. ఆమె ఆధార్‌తో లోపలికి పోయి, ఔను ఈ పిల్ల మా ఇంట్లోదే అని ఒప్పుకోవాల. నెలరోజులు టైము. పిన్నీ, నీ ఆధార్‌కు ఏ నంబరు ఉంది?"

తల్లీ కూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"నాకు ఫోనెక్కడిదమ్మా," అంది పిన్ని. "వసీందే ఇచ్చినం."

అడగాల్సిన పని కూడా లేదు. మా దగ్గర అమ్మలందరి ఆధార్లకూ కొడుకుల నంబర్లే ఉంటాయి. పెన్షను మెసేజీ కొడుక్కు వస్తుంది, బ్యాంకు మెసేజీ కొడుక్కు వస్తుంది, గ్యాసు మెసేజీ కొడుక్కు వస్తుంది. నేనే స్వయంగా ఎన్ని వందల మందికి ఫారంలో కొడుకు నంబరు రాసి పంపించానో. పిన్నిది కూడా నా చేతి రాతే అయి ఉంటుంది.

"ఏముంది, వాడిని ఒకసారి ఫోను తీసుకుని రమ్మనండి. రెండు నిమిషాల పని," అన్నాను.

ఆ రెండు నిమిషాలు ముప్పై రోజుల్లో దొరకలేదు.

మొదటి వారం వసీం మాచర్లలో ఉన్నాడు, ఎవరిదో ఇంజను పని. రెండో వారం ఫోను చార్జింగు లేదు. ఒకరోజు ఫాయిజా హైవే పక్కనున్న వాడి మెకానిక్ షెడ్డుకు పోతే, "చేస్తాలే ఆపా, నువ్వు ఇంటికి పో," అన్నాడట. అక్కను వాడు ఆపా అనే పిలుస్తాడు. ఇంట్లో అడిగితే ఆసియా గిన్నెలు ఠంగుమని పెట్టిందట. ఫాయిజా ఇక ఇంట్లో అడగడం మానేసింది. నా దగ్గరకు వచ్చేది. నేను స్టేటస్ కొట్టి చూసేదాన్ని. కుటుంబ పెద్ద అంగీకారం కోసం ఎదురుచూస్తోంది అని ఉండేది.

"అమ్మీకి చెప్పావా?"

"అమ్మీ చెప్తానంది అక్కా. అమ్మీ ఒప్పుకునే ఉందిగా. వేలిముద్ర కూడా ఏసింది."

ముప్పై రోజులు దాటాయి. అప్లికేషను దానంతట అదే మూసుకుపోయింది. ఫీజు తిరిగి రాదు. ఆ మరుసటి వారమే అంగన్‌వాడీ పేపరు పడింది.

ఆ రోజు ఫాయిజా నా ముందు స్టూలు మీద కూర్చుని ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పేపరు నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడిచింది.

"అక్కా, జాస్మిన్‌కు చెప్పేశా. ఇంక నేను మిరపకాయల్లోకి పోను, నీకు నా చేత్తో జడేస్తానని. దానికి నా చెయ్యి తగిలితే మంట గదా, జడ ఎప్పుడూ అమ్మీయే ఏస్తది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదంటే, వసీం మీద. కోపమొస్తే నేను ఆగలేను, ఊరందరికీ తెలుసు. అప్పటికప్పుడే రెండో అప్లికేషను పెట్టాను. ఫీజు నేనే వేసుకున్నాను. సెంటరుకు తాళం పెట్టి షెడ్డుకు పోయాను.

వసీం ఒక బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను.

"ఒరేయ్ వసీం, బయటికి రా. మీ అక్క నిన్నేం అడిగిందిరా? ఆస్తి అడిగిందా? ఒక్కసారి ఫోనియ్యమని అడిగింది."

బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. మొహం చూస్తే చెడ్డవాడిలా లేడు. అలిసిపోయినవాడిలా ఉన్నాడు.

"నేను కాదంటన్నానా అక్కా? ఆపా మీద నాకు మాత్రం ప్రేమ లేదా? ఇంట్లో చూస్తన్నావుగా. ఉన్నయ్యి రెండు గదులు. ఆధార్‌లో మా ఇంటి నంబరు ఎక్కితే, రేపు ఇంట్లో నాకూ వాటా ఉందని ఆ కాగితం చూపిస్తదని ఆసియా పోరు పెడతంది. వాళ్ళ పుట్టింట్లో అట్టాగే అయిందంట."

"ఆధార్‌కూ ఆస్తికీ ఏం సంబంధంరా? కార్డు మీదే రాసి ఉంటది, అది నువ్వెవరో చెప్పే కాగితమే, ఇంకోదానికి రుజువు కాదని. నువ్వు కిరాయి ఇంట్లో ఉన్నా ఆ అడ్రసు ఎక్కిద్ది. అట్టాగని ఇల్లు నీదవుద్దా? వాటా ఉంటే మీ మతం ప్రకారం ఆధార్ లేకపోయినా ఉంటది. అది వేరే సంగతి."

చివరి మాట అనకుండా ఉండాల్సింది. నా నోటికి ఎప్పుడూ ఒక మాట ఎక్కువే వస్తుంది. వాడు చేతిలో గుడ్డ మడిచి బండి మీద పెట్టాడు. తర్వాత తలూపాడు.

"సరే అక్కా. ఆపాకు ఉద్యోగం వస్తే మాకే మంచిది గదా. శుక్రవారం నమాజయినాక అమ్మీని తీసుకొస్తా. నువ్వే చెయ్యి."

నాకు గెలిచినంత సంబరమైంది. ఫాయిజాకు కబురు పెట్టాను, నువ్వు కూలి మానుకుని రావద్దు, నేను చూసుకుంటానని. పేపరు గడువుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. కుటుంబ పెద్ద ఒప్పుకున్నాక ఒక్కోసారి వారంలో మారిపోతుంది, ఒక్కోసారి నెల పడుతుంది. వారంలో అవుతుందనే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చారు. వసీం తెల్ల లాల్చీలో ఉన్నాడు. పిన్నిని జాగ్రత్తగా మెట్టు ఎక్కించాడు. ఆమెను నా పక్క కుర్చీలో కూర్చోబెట్టి, తను వెనక నిలబడి, ఫోను తాళం తీసి నా బల్ల మీద పెట్టాడు. సెంటర్లో వేరే ఎవరూ లేరు. బయట ఎరువుల కొట్టు ముందు ఎవరో బస్తాలు దించుతున్నారు.

పిన్ని ఆధార్ నంబరు కొట్టాను. వసీం ఫోను మోగింది, ఆరంకెలు చూసి ఎక్కించాను. లోపలికి పోయాను. కుటుంబ పెద్దకు వచ్చిన వినతులు అన్నచోట నొక్కితే ఫాయిజా అప్లికేషను వచ్చింది. పక్కన రెండు బటన్లు. ఒకటి ఒప్పుకున్నట్టు, ఒకటి తిరస్కరించినట్టు. నా చెయ్యి మౌసు మీద ఉంది. ఒక్కసారి నొక్కితే అయిపోయేది. పద్నాలుగేళ్ళు నొక్కినట్టే నొక్కేదాన్ని.

కానీ వసీం వెనకే నిలబడి ఉన్నాడు. వాడి మీద కోపం నాకింకా పోలేదు. వాడి తల్లి నోటితో ఆ మాట వాడు వినాలనిపించింది. రేపు ఇంట్లో ఆసియా గోల చేసినా, అమ్మే ఒప్పుకుంది అని వాడు చెప్పుకోవాలనిపించింది. వాడిని సిగ్గుపడేలా చెయ్యాలనిపించింది. అందుకని మౌసు వదిలేసి పిన్ని వైపు తిరిగాను.

"పిన్నీ, ఇదిగో, ఫాయిజా నీ కూతురేనా, నీ ఇంట్లోనే ఉంటందా అని అడుగుతంది కంప్యూటరు. ఔనని నొక్కమంటావా, వద్దని నొక్కమంటావా? నీ ఇష్టం. నువ్వు చెప్పు."

పిన్ని స్క్రీను వైపు చూసింది. అందరూ నా మొహం వైపు చూస్తారన్నానే, ఆమె స్క్రీను వైపే చూసింది.

"వద్దమ్మా," అంది.

నాకు సరిగా వినబడలేదేమో అనుకున్నాను. "ఏంది పిన్నీ?"

"వద్దు. వద్దని నొక్కు."

"అదేంది పిన్నీ! నువ్వే గదా వేలిముద్ర ఏసింది? ఫాయిజాకు ఉద్యోగం వస్తది, దాని బతుకు అది బతుకుద్ది..."

"అది బతుకుద్ది." పిన్ని గొంతు మెల్లగా, స్థిరంగా ఉంది. ముందే అన్నీ ఆలోచించుకుని వచ్చిన మనిషి గొంతు అది. "దానికి కాళ్ళూ చేతులూ ఉన్నయ్యి. ఎట్టయినా బతుకుద్ది. నా మోకాళ్ళు చూడు. ఇంకో ఏడాదికి మంచం దిగలేను. అప్పుడు నా మంచం దగ్గరికి వచ్చేది ఎవరు? కోడలు. ఆ పిల్ల రోజూ ఒకటే మాటంటంది, ఆధార్ మారిన రోజు నేను పుట్టింటికి పోతానని. అది పోతే ఈడు పోతాడు. ఈ ఇల్లు నా పేరున ఉందని పేరే గానీ, వాడు పెడితేనే గదమ్మా నేను తినేది. దానికి అడ్రసు ఇచ్చి నా చోటు నేనే పోగొట్టుకోనా?"

వసీం వెనకనుంచి, "అమ్మీ," అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట తర్వాత ఇంకో మాట వస్తుందేమోనని ఎదురుచూశాను. 'అట్టా ఏం లేదు అమ్మీ, నేనుంటా, ఔనని చెప్పు' అని ఒక్కమాట అంటే చాలు. వాడు తన చేతులు చూసుకున్నాడు. గోళ్ళలో ఇంకా గ్రీజు ఉంది. ఆ మాట అనలేదు.

మౌసు నా చేతి కిందే ఉంది. ఆమెకు చదువు రాదు. వాడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను ఔనని నొక్కి, వద్దని నొక్కానని చెప్పి ఉండొచ్చు. వారం రోజుల తర్వాత ఎవరు తిట్టినా పడి ఉండొచ్చు. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే నా వేలు తనంతట తనే కదులుతుంది. కానీ అడిగాక, ఒక మనిషి నోరు తెరిచి వద్దన్నాక, ఆమె ఆధార్ తెరిచి ఉండగా ఆమె మాట కాదని నొక్కడం నా వల్ల కాలేదు. అడగకముందు ఎన్నయినా నొక్కేదాన్ని. అడిగాక చేతకాలేదు.

"వద్దందిగా అక్కా," అన్నాడు వసీం, చాలా మెల్లగా. "వద్దని నొక్కు."

నొక్కాను. నా చేత్తోనే నొక్కాను.

పిన్ని లేచేటప్పుడు నా భుజం పట్టుకుంది. "ఫాయిజాకు చెప్పొద్దు ప్రేమా," అంది. "నీ కాళ్ళు పట్టుకుంటా. దానికి నేనొక్కదాన్నే ఉన్నా." ఆ మాటకు నేను ఏమనాలి? దానికి నువ్వొక్కదానివే ఉన్నావని తెలిసే గదా వద్దన్నావు అనాలా? వసీం ఆమెను మెట్టు దించి, బండి ఎక్కించుకుని, గుంతలు తప్పించుకుంటూ మెల్లగా తీసుకుపోయాడు. తల్లిని బాగానే చూసుకుంటాడు వాడు. అందులో అబద్ధం లేదు.

సాయంత్రం అయిదు దాటకముందే ఫాయిజా పరిగెత్తుకుంటూ వచ్చింది. మెసేజీ మౌలాలీ నంబరుకు వచ్చింది. చేతులు కడుక్కోకుండానే వచ్చింది. ఘాటు గుప్పుమని సెంటరంతా నిండింది. ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేనివల్ల తిరిగాయో ఎవరికి తెలుసు.

"అక్కా, రిజెక్ట్ అని వచ్చింది. ఏదో తప్పు పడ్డట్టుంది, మళ్ళీ పెట్టు."

"తప్పు కాదు ఫాయిజా."

"మరి?"

నేను ప్రింటరులో కాగితాలు సర్దాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

"ఎవరు అక్కా?"

"వసీం," అన్నాను.

ఆ అబద్ధం ఆడటానికి నాకు కొంచెం కూడా కష్టం కాలేదు. అంత తేలిగ్గా వచ్చిందంటే, సగం నిజం కాబట్టి అయి ఉంటుంది.

ఆమె స్టూలు మీద కూర్చుంది. పిడుగురాళ్ళ బస్సు వచ్చి, ఆగి, పోయింది.

"ఇంకో దారేం లేదా అక్కా?"

గెజిటెడ్ ఆఫీసరు ఫారం సంగతి అప్పుడు చెప్పాను. ఆ సంతకం దొరికి, నరసరావుపేటలో ఆధార్ సెంటరుకు పోయి, అది మారి, ఆ తర్వాత నివాసం సర్టిఫికెట్టు రావాలి. పేపరు గడువుకు మిగిలిన రోజుల్లో అది కాదు. మొదటి రోజే చెప్పి ఉంటే ఈపాటికి అయిపోయి ఉండేది. ఆ సంగతి ఆమె అనలేదు. అంటే నేను తట్టుకునేదాన్ని. ఔనక్కా, ఇప్పుడు కాదులే అంది.

"వచ్చే ఏడాదికి వయసు దాటిపోద్ది," అని తనే అనుకుంది పైకి. తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మీ వచ్చిందా వాడితో?"

"వచ్చింది."

"అమ్మీ ఏమంది?"

ఆమె కళ్ళార్పకుండా నా మొహం వైపు చూస్తోంది. పని అయిందో లేదో అక్కడే తెలుస్తుందన్నట్టు చూస్తోంది.

"ఔనని నొక్కమంది," అన్నాను. "నీ కూతురేనా అని అడిగితే, ఔనంది."

ఫాయిజా మొహంలో ఏదో వదులైంది. ఆ రోజంతటిలో మొదటిసారి ఊపిరి సరిగా తీసుకున్నట్టు కనిపించింది.

"నాకు తెలుసక్కా. ఆ మోకాళ్ళతో నాకోసం మెట్టెక్కి వచ్చింది. ఇంక ఆ వసీం మొహం జన్మలో చూడను. అమ్మీ కోసమే ఆ ఇంట్లో ఉంటా. రేపు అమ్మీ మంచాన పడితే వాళ్ళను ముట్టుకోనియ్యను, నేనే చూసుకుంటా."

నేను కంప్యూటరు వైపు తిరిగిపోయాను.

"అక్కా, ఆ రోజు అమ్మీ వేలిముద్ర ఏసిన కాగితం, అదింక పనికిరాదు గదా?"

"రాదు."

"నాకియ్యి."

ఫైల్లోంచి తీసి ఇచ్చాను. ఈమె నా కూతురు, నాతో ఈ ఇంట్లోనే ఉంటోంది, నాకు అభ్యంతరం లేదు. కింద నీలంగా, గట్టిగా నొక్కిన బొటనవేలు. ఫాయిజా ముట్టుకోబోయి, తన చేతులు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"మిరపకాయ అంటుకుంటే పాడవుద్ది. ల్యామినేషను చేసియ్యి అక్కా. దాచుకుంటా."

మిషను వేడెక్కడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలూ ఆమె అమ్మీ గురించే మాట్లాడింది. కాగితం ప్లాస్టిక్కు తొడుక్కుని మిషనులోంచి ఇటువైపుకు వచ్చింది. అంచులు కత్తిరించి ఇచ్చాను. డబ్బులు తీయబోతే వద్దన్నాను.

"అమ్మీకి చూపిస్తా," అంది ఫాయిజా, దాన్ని గుండెకు ఆనించుకుని మెట్టు దిగుతూ. "ఎంత సంతోషపడుద్దో."